తెలుగు ఆటో క్యాప్షన్లు: తప్పుల శాతం చెప్పని తప్పులు

వీడియో కింద యంత్రం వేసే తెలుగు క్యాప్షన్ల నాణ్యతను సాధారణంగా పదదోష శాతంతో కొలుస్తారు. మనిషి విని రాసిన పాఠాన్ని పక్కన పెట్టుకుని, మారిన, ఎగిరిపోయిన, అదనంగా చేరిన పదాలను కూడి, అసలు పాఠంలోని పదాల సంఖ్యతో భాగిస్తారు. ఇంగ్లిష్‌లో ఇది బాగానే పనిచేస్తుంది. తెలుగులోనే చిక్కు.

ఉదాహరణకు వక్త అన్న మాట: ‘రైతులకు ఇరవై వేల రూపాయలు ఇవ్వలేమని మంత్రి చెప్పారు’. క్యాప్షన్‌లో వచ్చింది: ‘రైతులకు ఇరవైవేల రూపాయలు ఇవ్వగలమని మంత్రి చెప్పారు’. అసలు వాక్యంలో ఏడు పదాలున్నాయి. ‘ఇరవై వేల’ కలిసిపోయినందుకు ఒక పదం మారినట్టు, మరొకటి పోయినట్టు రెండు తప్పులు పడతాయి. ‘ఇవ్వలేమని’ తారుమారైనందుకు ఒక్కటే. మొత్తం మూడు, అంటే దాదాపు 43 శాతం. ఏ పాఠకుడూ పట్టించుకోని ఖాళీకి రెండు మార్కులు పోయాయి, అర్థాన్ని తలకిందులు చేసినదానికి ఒక్కటే పోయింది. అక్షరదోష శాతం లెక్కిస్తే, యూనికోడ్ సంకేతాలను, ఖాళీలను కలిపి 50కి మూడు, అంటే 6 శాతమే. అంకె అందంగా ఉంది, వాక్యం మాత్రం అబద్ధం చెబుతోంది.

అందుకే నమూనా లెక్కలో పదాలు కలిపి రాసినా విడదీసి రాసినా ఒకటేనని ముందే నియమం పెట్టుకోవాలి. ‘ఆసుపత్రి’, ‘ఆస్పత్రి’ లాంటి జంటలకూ, అంకెల్లో రాసిన సంఖ్యలకూ అదే వర్తిస్తుంది. ఆపైన మిగిలిన తప్పుల్లో పేర్లు, సంఖ్యలు, వ్యతిరేక క్రియలను విడిగా లెక్కించాలి. పాఠం రాసేవాళ్లు క్యాప్షన్ చూడకుండా రాయాలి. చూస్తే చెవి దానివైపే మొగ్గుతుంది. స్టూడియో వార్తలు, ఒకరి మీద ఒకరు మాట్లాడే చర్చ, ఊళ్లో రైతు మాట: వీటి ఫలితాలను కలిపి సగటు తీయకూడదు. న్యూస్ రీడర్ స్పష్టత రైతు మాటలోని తప్పులను కప్పేస్తుంది.

వెతుకులాటకు దెబ్బ ప్రధానంగా పేర్ల దగ్గరే తగులుతుంది. గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరు క్యాప్షన్‌లో నెల్లూరు జిల్లా కోవూరైతే, క్యాప్షన్ పాఠంలో కొవ్వూరు కోసం వెతికినవారికి ఆ మాట దొరకదు, కోవూరు కోసం వెతికినవారికి వేరే ఊరి వార్త వస్తుంది. క్రియాపదంలో తప్పుంటే వెతుకులాట ఆగదు, ఎందుకంటే ‘చెప్పారు’ అని ఎవరూ వెతకరు. పదదోష శాతం మాత్రం రెంటినీ సమానంగానే చూస్తుంది.

నమ్మకం సంగతి వేరు. ధ్వని వింటూ చదివేవారు తప్పును అక్కడికక్కడే పట్టేసి నవ్వుకుంటారు. రెండు మూడుసార్లు అలా జరిగితే సరైన క్యాప్షన్‌నూ నమ్మరు. వినికిడి లేనివారికి, బస్సులో ధ్వని ఆపి చూసేవారికి సరిచూసుకునే దారే లేదు. వాళ్లకు ‘ఇవ్వగలమని’ అన్నదే మంత్రి మాట.