ఫొటోలో తాబేలు: నేలదా, చెరువుదా, సముద్రానిదా?

మన వాడుకలో అన్నిటికీ ఒకటే మాట, తాబేలు. చుట్టుపక్కల వినిపించే కన్నడ 'ఆమె', తమిళ 'ఆమై', మరాఠీ 'కాసవ్' కూడా అంతే. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పొలం గట్టున తాబేలు కనిపిస్తే పాపం నీళ్లు లేక అల్లాడుతోందనుకుని బావిలోనో కోనేటిలోనో వదిలే వాళ్లు చాలామంది. అది నక్షత్ర తాబేలైతే మాత్రం మునిగి చస్తుంది. అది మెట్టనేలలో గడ్డీ ఆకులూ తిని బతికే జంతువు, దానికి ఈత రాదు. కాబట్టి ఫొటో చూడగానే ముందు తేల్చాల్సింది జాతి పేరు కాదు, అది ఎక్కడ బతికేదో.

దొరికిన చోటును నమ్మి తేల్చకూడదంటాం మేము. చెరువులు ఎండితే నీటి తాబేళ్లు బురదలో దూరి ఉండిపోతాయి. తొలకరి పడగానే బయటికొచ్చి రోడ్లు దాటుతాయి. అంటే రోడ్డు మీద కనిపించినంత మాత్రాన అది నేల తాబేలు కాదు. నమ్మదగినవి కాళ్లు, ఆ తర్వాత డిప్ప.

నేల తాబేలు కాళ్లు చిన్న ఏనుగు కాళ్లలా గుండ్రంగా, స్తంభాల్లా ఉంటాయి. వేళ్లు విడిగా కనపడవు, మొద్దు గోళ్లే కనపడతాయి. ముందుకాళ్ల మీద గరుకైన పొలుసులుంటాయి. మంచినీటి తాబేలుకైతే వేళ్లు విడివిడిగా తెలుస్తాయి, వాటి మధ్య బాతుకాలికి ఉన్నట్టు పొర ఉంటుంది. సముద్ర తాబేలుకు అసలు పాదమే కనపడదు, కాలు మొత్తం పడవ తెడ్డులా ఉంటుంది. అది తలనూ కాళ్లనూ డిప్పలోకి ముడుచుకోలేదు కూడా.

కాళ్లు ముడుచుకున్న ఫొటో వస్తేనే కష్టం. కోలారు వైపు వాన వెలిసిన సాయంత్రం తీసిన ఫొటో అనుకుందాం. బురద పట్టిన నల్లటి డిప్ప, కొంచెం ఎత్తుగానే ఉంది, తల లోపల. ఆ మెట్ట ప్రాంతాల్లో నక్షత్ర తాబేలూ ఉంటుంది, చెరువుల్లో నల్ల తాబేలూ ఉంటుంది. రెంటినీ కలగలిపి చూసేది ఇలాంటి ఫొటోల్లోనే. పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే ఇక అనుమానం లేదు. కానీ బురదలో గీతలు దాగిపోతాయి, ముసలి తాబేలుకు అరిగి వెలిసిపోతాయి కూడా. అప్పుడు డిప్ప ముందు అంచు చూడాలి. మెడ పైన సరిగ్గా మధ్యలో నల్ల తాబేలుకు చిన్న పలక ఒకటి ఉంటుంది, నక్షత్ర తాబేలుకు ఆ పలక ఉండదు. తోక పైన చూస్తే నక్షత్ర తాబేలుకు ఒకే వెడల్పాటి పలక, నల్ల తాబేలుకు రెండు. వీపు పొడవునా మూడు గట్లు తేలి ఉన్నా అది నల్ల తాబేలు వైపే సాక్ష్యం. మన ఫొటోలో మెడ మీద పలకా ఉంది, మూడు గట్లూ ఉన్నాయి. అది చెరువుదే, రోడ్డు దాటించి అది వెళ్తున్న వైపే వదిలితే చాలు.

వరి మళ్లలో కనిపించే మెత్తటి డిప్ప తాబేలు వేరే రకం. పైన పలకలే ఉండవు, నున్నటి తోలు కప్పినట్టుంటుంది. ముక్కు చిన్న గొట్టంలా ముందుకు పొడుచుకొస్తుంది. వెల్లకిలా ఉన్న ఫొటోలో వెనక కాళ్లను మూసే రెండు తోలు మూతలు కనపడతాయి. ఈ మెత్తటి డిప్ప వాటిల్లో పెద్దవి గోదావరి, కృష్ణ లాంటి నదుల్లో ఉంటాయి. వెడల్పాటి కాళ్లు చూసి వాటిని సముద్ర తాబేళ్లనుకోవడం కద్దు. యానాంలో నదీ సముద్రమూ దగ్గరే కాబట్టి అక్కడ ఈ పొరపాటుకు వీలెక్కువ. గోళ్లు లెక్కపెట్టండి. మెత్తటి డిప్ప వాటికి ప్రతి కాలికీ మూడు గోళ్లు స్పష్టంగా ఉంటాయి. సముద్ర తాబేలు తెడ్డుకు ఒకటో రెండో ఉంటాయి.

గంజాం జిల్లా రుషికుల్యా ముఖద్వారం దగ్గరా, చెన్నై తీరంలోనూ గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లేలు. వీపు మధ్య వరుసకు అటూ ఇటూ ఉన్న పెద్ద పలకల్ని లెక్కించాలి. నాలుగేసి ఉంటే రిడ్లే కాదు, పచ్చ తాబేలు లాంటిది. ఒక్కోవైపు ఆరు, ఏడు, కొన్నిటికి రెండు వైపులా లెక్క కలవకుండా ఉంటే రిడ్లే.

ఫొటో తీసేటప్పుడు నేరుగా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముందుకాలు దగ్గరగా ఒకటి తీయండి. పక్కన అగ్గిపెట్టె పెడితే సైజు తెలుస్తుంది. కాళ్లు బయటపెట్టేదాకా కాస్త దూరంగా జరిగి ఆగండి, లాగొద్దు. ఫొటో చూసినా తేలకపోతే నీళ్లలో మాత్రం వేయకండి. నీడపట్టున ఉంచి అటవీ శాఖకు చెప్పండి. చెరువు తాబేలు గట్టు మీద కొన్ని గంటలు ఉండగలదు, నేల తాబేలు బావిలో ఉండలేదు. ఇంట్లో పెంచుకోవడం కుదరదు, నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది.