లెవెన్‌ష్టెయిన్ గీయని పట్టిక

రెండు మాటల మధ్య తేడా ఎంత అనే లెక్కకు 'లెవెన్‌ష్టెయిన్ దూరం' అని పేరు. ఇంజనీరింగ్ కాలేజీలో అల్గారిదమ్స్ చదివినవాళ్లంతా ఏదో ఒక పరీక్షలో దాని పట్టిక నింపే ఉంటారు. కానీ ఆ పట్టిక లెవెన్‌ష్టెయిన్‌ది కాదు.

సోవియట్ గణిత శాస్త్రవేత్త వ్లదీమిర్ లెవెన్‌ష్టెయిన్ 1965లో ఒక చిన్న పరిశోధన పత్రం రాశాడు. అందులో స్పెల్లింగుల ఊసే లేదు. తీగ మీద సున్నాలూ ఒకట్లూ పంపితే దారిలో ఒకటి రాలిపోవచ్చు, అక్కర్లేనిది ఒకటి వచ్చి చేరవచ్చు, ఒకటి తారుమారు కావచ్చు. ఇవన్నీ తట్టుకునే సంకేతాలు ఎలా తయారు చేయాలన్నదే ఆయన ప్రశ్న. అప్పటికే, 1950లో, రిచర్డ్ హామింగ్ ఒక కొలత ఇచ్చి ఉన్నాడు: రెండు వరుసలను పక్కపక్కన పెట్టి ఎన్ని స్థానాల్లో తేడా ఉందో లెక్కపెట్టడం. మొదటి అంకె రాలిపోయిందంటే ఆ కొలత పనికిరాదు, ఎందుకంటే మిగతావన్నీ ఒక స్థానం ముందుకు జరిగిపోతాయి. అందుకని లెవెన్‌ష్టెయిన్ తీసేయడం, చేర్చడం, మార్చడం అనే మూడు పనులను ఒప్పుకుని, ఒక వరుసను రెండోదిగా చేయడానికి కావలసిన అతి తక్కువ పనుల సంఖ్యనే దూరం అన్నాడు. నిర్వచనం ఇచ్చి తన సంకేతాల దారిన తాను పోయాడు. ఆ సంఖ్యను చేత్తో ఎలా లెక్కకట్టాలో చెప్పాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

లెక్కకట్టడం అంత తేలిక కాదని ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. 'కలవరం'ను 'కవల' చేయాలి. మొదటి 'క' రెండింట్లోనూ ఉంది. తర్వాత 'ల' కూడా రెండింట్లోనూ ఉంది కదా అని దాన్ని పట్టుకుని కూర్చుంటే, ముందు 'వ' చేర్చాలి, చివరి 'వ', 'రం' తీసేయాలి. మొత్తం మూడు పనులు. అదే 'ల'ను వదిలేసి 'వ'ను నిలుపుకుంటే, 'ల' తీసేయడం, 'రం'ను 'ల'గా మార్చడం, రెండు పనులతో సరి. ఏది నిలుపుకోవాలో అక్కడికక్కడ తేల్చుకోలేం. అన్ని దారులూ విడివిడిగా చూద్దామంటే, మాట పొడుగయ్యే కొద్దీ వాటి సంఖ్య చేయి దాటిపోతుంది.

పట్టిక చేసేదల్లా ఈ ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా కోయడం. మొదటి మాటను పై నుంచి కిందికి, రెండోదాన్ని ఎడమ నుంచి కుడికి రాయాలి. ఒక్కో గడి ఒక్క ప్రశ్నకు జవాబు: మొదటి మాటలో ఇంతవరకు ఉన్న ముక్కను, రెండో మాటలో ఇంతవరకు ఉన్న ముక్కగా చేయడానికి కనీసం ఎన్ని పనులు కావాలి? చాలామంది గడిలోని అంకెను ఆ రెండు అక్షరాల మధ్య తేడా అనుకుంటారు. అక్కడే అంతా అడ్డం తిరుగుతుంది. అది రెండు అక్షరాల గురించి కాదు, అక్కడిదాకా వచ్చిన రెండు ముక్కల గురించి.

| | ఖాళీ | క | వ | ల |
|---|---|---|---|---|
| ఖాళీ | 0 | 1 | 2 | 3 |
| క | 1 | 0 | 1 | 2 |
| ల | 2 | 1 | 1 | 1 |
| వ | 3 | 2 | 1 | 2 |
| రం | 4 | 3 | 2 | 2 |

పై వరుస, ఎడమ వరుస ఆలోచించకుండా నింపేయవచ్చు. ఏమీ లేని దాని నుంచి 'కవల' రావాలంటే మూడు చేర్చాలి, 'కలవరం' నుంచి ఏమీ మిగలకూడదంటే నాలుగు తీసేయాలి. మిగతా ప్రతి గడికీ మూడే దారులు. పై గడి నుంచి వస్తే ఒక అక్షరం తీసేసినట్టు, ఎడమ గడి నుంచి వస్తే ఒకటి చేర్చినట్టు, మూల నుంచి వస్తే అక్షరాన్ని మార్చినట్టు. రెండు అక్షరాలూ ఒకటే అయితే మూల నుంచి ఉచితంగా రావచ్చు. మూడింట్లో తక్కువదే ఆ గడి అంకె:

```
D[i][j] = min(D[i-1][j] + 1,
              D[i][j-1] + 1,
              D[i-1][j-1] + c)
```

ఇందులో అక్షరాలు ఒకటైతే `c` విలువ 0, కాకపోతే 1.

చివరి గడిని చూడండి. అక్కడ 'రం', 'ల' వేరువేరు. పై గడిలో 2 ఉంది, ఒకటి కలిపితే 3. ఎడమ గడిలోనూ 2, అదీ 3 అవుతుంది. మూలలో 1, మార్పుకు ఒకటి కలిపితే 2. కాబట్టి 2. జవాబు వచ్చింది, కానీ ఏ పనులు చేశామో కావాలంటే వచ్చిన దారినే వెనక్కి నడవాలి. చివరి గడి నుంచి మూలకు ('రం' 'ల'గా మారింది), అక్కడి నుంచి మళ్లీ మూలకు ('వ' నిలిచింది), ఆపై పైకి ('ల' పోయింది), మళ్లీ మూలకు ('క' నిలిచింది).

ఇంతకీ ఈ గడులు మొదట గీసిందెవరు? ఒక్కరు కాదు, అదే ఈ కథలో నాకు నచ్చిన సంగతి. 1968లో కీవ్‌లో తారాస్ విన్‌త్స్యుక్ మాటల ధ్వనిని యంత్రం చేత గుర్తింపజేయడానికి ఇలాంటి లెక్కే వాడాడు. 1970లో అమెరికాలో సాల్ నీడిల్‌మన్, క్రిస్టియన్ వున్ష్ రెండు ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాల వరుసలను పోల్చడానికి పట్టిక వేశారు. వాళ్లు తేడాను తగ్గించలేదు, పోలికను పెంచారు. రాబర్ట్ వాగ్నర్, మైకేల్ ఫిషర్ 1974లో రాసిన రూపమే ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్నది.

పోలికను పెంచడమనే ఆ రెండో వైపు నుంచి చూస్తే వచ్చేది 'లాంగెస్ట్ కామన్ సబ్‌సీక్వెన్స్'. రెండు మాటల్లోనూ అదే క్రమంలో కనిపించే అక్షరాల్లో అతి పొడుగైన వరుస అది. పక్కపక్కనే ఉండాలని లేదు. పట్టిక అదే, గడి అర్థం మాత్రం మారుతుంది: ఈ రెండు ముక్కలకూ ఉమ్మడిగా ఎన్ని అక్షరాలు దక్కుతాయి? అక్షరాలు కలిస్తే మూల గడికి ఒకటి కలపాలి, కలవకపోతే పై గడి, ఎడమ గడుల్లో పెద్దది తీసుకోవాలి. మన మాటలకు చివరి గడిలో 2 వస్తుంది. 'కల' అయినా సరే, 'కవ' అయినా సరే. ఇక్కడ మార్చడం అనే పని లేదు, తీసేయడం, చేర్చడమే. అందుకే దూరం 4 + 3 − 2 × 2, అంటే 3 అయింది.

యూనిక్స్‌లోని `diff` ఈ రెండో లెక్క సంతానమే. అందులో అక్షరం స్థానంలో ఫైలులోని ఒక్కో లైను ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ హంట్, డగ్లస్ మెకిల్‌రాయ్ 1976లో దాని పద్ధతిని వివరించారు. అయిదేసి వేల లైన్లున్న రెండు ఫైళ్లకు పూర్తి పట్టిక వేస్తే రెండున్నర కోట్ల గడులు. నాటి పీడీపీ-11 యంత్రంలో ఒక ప్రోగ్రాము ఒకసారికి 64 కిలోబైట్లే చూడగలదు. అందుకే వాళ్లు పట్టికంతా నింపకుండా, లైన్లు సరిగ్గా కలిసిన చోట్లనే పట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది డేనియల్ హిర్ష్‌బర్గ్ ఇంకో ఉపాయం చెప్పాడు. అంకె మాత్రమే కావాలంటే పై వరుస ఒక్కటి గుర్తుంటే చాలు, కానీ నడిచి వచ్చిన దారి పోతుంది. ఆయన మాటను సగానికి చీల్చి, ముందు నుంచీ వెనక నుంచీ లెక్కవేసి, దారి ఆ సగాన్ని ఎక్కడ దాటుతుందో కనిపెట్టి, రెండు ముక్కలకూ మళ్లీ అదే చేశాడు. పని సుమారు రెట్టింపవుతుంది, జాగా మాత్రం వరుసంతే.

తెలుగులో ఈ పట్టిక వేసేవాళ్లకు మరో చిక్కు ఉంది. గడికి ఒక అక్షరం అన్నాం, ఏది అక్షరం? పైన 'రం'ను ఒకటిగా లెక్కపెట్టాను. కంప్యూటరు యూనికోడ్ ప్రకారం 'ర' వేరు, సున్నా వేరు. అప్పుడు ఒక వరుస పెరిగి, 'కలవరం'కూ 'కవల'కూ దూరం 3 అవుతుంది. 'క్ష'ను 'క' చేయడం మనకు ఒక మార్పు, యంత్రానికి రెండు తీసివేతలు. ఇంకా తమాషా ఏమిటంటే, 'కై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపించినా పట్టిక చివరి గడిలో 2 వస్తుంది. కళ్లకు ఒకటే అయిన మాటల మధ్య దూరం సున్నా రాకపోతే తప్పు పట్టికలో వెతకక్కర్లేదు. రెండు మాటలనూ ముందు ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చి, ఆ తర్వాత గడులు నింపాలి.