కొత్త ఫోన్ పెట్టెలో చార్జర్ ఎందుకు ఉండడం లేదు? కొనేవారు ఏం చూసుకోవాలి?

కొత్త ఫోన్ కొని ఇంటికి తెచ్చి పెట్టె తెరిస్తే ఫోన్, ఒక కేబుల్, సిమ్ తీసే సూది, నాలుగు కాగితాలు మాత్రమే కనిపిస్తున్నాయి. గోడకు అమర్చే అడాప్టర్, అంటే మనం వాడుకలో చార్జర్ అని పిలిచే భాగం, చాలా మోడళ్లలో ఉండడం లేదు. ఇది దుకాణదారు చేసిన పొరపాటు కాదు. తయారీ సంస్థలు తెలిసి తీసుకున్న నిర్ణయమే. అయితే ఆ నిర్ణయం వల్ల కొనుగోలుదారుకు అదనపు ఖర్చు పడుతుందా, లేదా అన్నది ఇంట్లో ఉన్న పాత చార్జర్‌పై ఆధారపడి ఉంటుంది.

మొదలైన తీరు

ఈ మార్పు 2020 అక్టోబరులో ఆపిల్ సంస్థ ఐఫోన్ 12ను విడుదల చేసినప్పుడు ప్రముఖంగా చర్చకు వచ్చింది. తమ అడాప్టర్లు ప్రపంచంలో ఇప్పటికే రెండు వందల కోట్లకు పైగా ఉన్నాయనీ, కొత్తవి ఇవ్వకపోతే ముడిపదార్థాలు మిగులుతాయనీ ఆ సంస్థ చెప్పింది. పెట్టె చిన్నదవుతుంది కాబట్టి రవాణాలో ఒకే చట్రంపై 70 శాతం వరకు ఎక్కువ పెట్టెలు పేర్చవచ్చని కూడా వివరించింది. 2021 జనవరిలో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్21తో అదే దారి పట్టింది.

ఈ వాదనలో నిజం ఉంది. వాడకుండా పారేసే చార్జర్ల వల్లే ఏటా 11 వేల టన్నుల వ్యర్థాలు పోగవుతున్నాయని ఐరోపా సమాఖ్య అంచనా వేసింది. కానీ ఇందులో మరో కోణమూ ఉంది. అడాప్టర్ తయారీ ఖర్చు, రవాణా ఖర్చు సంస్థకు మిగులుతాయి. విడిగా అమ్మే అడాప్టర్ మీద ఆదాయమూ వస్తుంది. అవసరమైనవారు దానిని వేరే పెట్టెలో కొనుక్కుంటే పర్యావరణానికి జరిగిన మేలు ఆ మేరకు తగ్గిపోతుంది.

ఐఫోన్ 12 విషయంలో జరిగింది గమనించదగినది. పెట్టెలో ఇచ్చిన కేబుల్‌కు ఒక చివర యూఎస్‌బీ-సి పిన్ను ఉంది. అప్పటి వరకు చాలామంది ఐఫోన్ వినియోగదారుల ఇళ్లలో ఉన్నది పాత వెడల్పాటి రంధ్రం, అంటే యూఎస్‌బీ-ఎ ఉన్న 5 వాట్ల అడాప్టర్. కొత్త కేబుల్ అందులో దూరదు. పాత కేబుల్ కూడా ఉన్నవారు పాత వేగంతోనే చార్జ్ చేసుకోగలిగారు. కొత్త ఫోన్ ఇవ్వగల వేగం కావాలనుకున్నవారు మాత్రం అడాప్టర్ కొనాల్సి వచ్చింది. ఇంట్లో చార్జర్ ఉండడం వేరు, అది కొత్త ఫోన్‌కు సరిపోవడం వేరు.

దేశానికో తీరు

బ్రెజిల్‌లో వినియోగదారుల రక్షణ అధికారులు చార్జర్‌ను ఫోన్‌లో భాగంగానే పరిగణించారు. 2022 సెప్టెంబరులో అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ ఆపిల్‌కు జరిమానా విధించి, చార్జర్ లేని ఐఫోన్ల అమ్మకాన్ని నిలిపివేయాలని ఆదేశించింది. ఐరోపా సమాఖ్య ఇందుకు భిన్నమైన మార్గం ఎంచుకుంది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు యూఎస్‌బీ-సి పోర్టు తప్పనిసరి. చార్జర్‌తో కలిపి అమ్మే సంస్థ, చార్జర్ లేకుండా కొనే అవకాశాన్ని కూడా ఇవ్వాలి. చార్జర్ ఉందో లేదో తెలిపే గుర్తు పెట్టెపై ఉండాలి.

భారత్‌లో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సి పోర్టు, పిన్ను, కేబుళ్లకు ప్రమాణాన్ని ప్రకటించింది. ఫోన్‌తో పాటు చార్జర్ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం సంస్థల ఇష్టానికే వదిలివేసిన విషయం. అందుకే ఒకే మోడల్ ఐరోపాలో చార్జర్ లేకుండా, ఇక్కడ చార్జర్‌తో రావచ్చు. విదేశీ సమీక్షలు చూసి నిర్ణయించుకోకుండా, ఇక్కడి పెట్టెపై ముద్రించిన వస్తువుల జాబితాను డబ్బు చెల్లించే ముందే చదవాలి.

పాత చార్జర్ పనికొస్తుందా?

దీనికి జవాబు ఆ చార్జర్ మీదే సన్నని అక్షరాల్లో ఉంటుంది. ‘అవుట్‌పుట్’ అన్న చోట వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. ఆ రెండింటినీ గుణిస్తే వాట్లు వస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంట్లోని పాత చార్జర్‌పై 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. అంటే అది 10 వాట్లది. కొత్త ఫోన్ 25 వాట్ల వరకు తీసుకోగలదు. పెట్టెలో రెండు చివరలా సి పిన్ను ఉన్న కేబుల్ వచ్చింది. పాత చార్జర్‌కు వెడల్పాటి రంధ్రమే ఉంటే ఆ కేబుల్ పనికిరాదు. ఒక చివర ఎ, మరో చివర సి ఉన్న కేబుల్ కావాలి. అది దొరికితే ఫోన్ చార్జ్ అవుతుంది, కానీ నెమ్మదిగా. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే సుమారు 19 వాట్-గంటల విద్యుత్తు కావాలి. మధ్యలో కొంత వేడి రూపంలో పోతుంది. చివరి భాగంలో ఫోన్ తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి 10 వాట్ల చార్జర్‌తో రమారమి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. తగిన 25 వాట్ల చార్జర్ అయితే గంటా పావు నుంచి గంటన్నరలో పని పూర్తవుతుంది. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకునేవారికి ఈ తేడాతో పనిలేదు. వారు కొత్త చార్జర్ కొనకపోయినా నష్టం లేదు.

వేగం కావాలనుకునేవారు మాత్రం వాట్లతో పాటు మరో సంగతి చూడాలి. చార్జర్, ఫోన్ ముందుగా తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టి, ఎంత ఇవ్వగలవు, ఎంత కావాలి అని ఒక అంగీకారానికి వస్తాయి. ఆ అంగీకారానికి ఇద్దరికీ ఒకే పద్ధతి తెలిసి ఉండాలి. పీడీ అన్నది చాలా సంస్థలు పాటించే ఉమ్మడి పద్ధతి. పీపీఎస్ అందులోనే మరింత సూక్ష్మమైన భాగం. కొన్ని ఫోన్లు పీపీఎస్ ఉంటేనే తమ గరిష్ఠ వేగాన్ని అందుకుంటాయి. మరికొన్ని సంస్థలకు సొంత పద్ధతులు ఉన్నాయి. 80 వాట్లు తీసుకునే అలాంటి ఫోన్‌కు వేరే సంస్థ 65 వాట్ల పీడీ చార్జర్ పెడితే, వేగం అందులో చిన్న భాగానికి పడిపోవచ్చు. ఫోన్ తెరపై ‘ఫాస్ట్ చార్జింగ్’ అన్న సూచన కనిపించకపోతే అంగీకారం కుదరలేదని అర్థం చేసుకోవచ్చు. అప్పుడు ముందు కేబుల్ మార్చి చూడాలి. లోపం తరచుగా అక్కడే ఉంటుంది.

ఎక్కువ వాట్ల చార్జర్ పెడితే ఫోన్ పాడవుతుందన్న భయం చాలామందిలో ఉంది. ప్రమాణాల ప్రకారం తయారైన చార్జర్ అయితే, ఫోన్ తాను కోరినంతే తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన టైప్-సి పీడీ చార్జర్‌ను ఫోన్‌కూ వాడుకోవచ్చు. ప్రమాదం వచ్చేది నాసిరకం వాటితోనే. ఫోన్ అడాప్టర్లు మన దేశంలో తప్పనిసరి నమోదు పరిధిలో ఉన్నాయి. అసలైన దానిపై ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే ఏ తయారీదారు పేర, ఏ వస్తువుకు ఇచ్చారో తెలుస్తుంది. వివరాలు చేతిలోని వస్తువుతో సరిపోలకపోతే దానిని కొనకూడదు.

ఫోన్ ధరలను పోల్చేటప్పుడు చార్జర్ లేని మోడల్‌కు, అవసరమైతే, చార్జర్ ధరను కలిపి చూడాలి. అప్పుడే అసలు తేడా తెలుస్తుంది. పెట్టెపై జాబితాలో అడాప్టర్ అని ఉండి లోపల లేకపోతే అది వేరే సంగతి. అలాంటప్పుడు బిల్లు, పెట్టె భద్రపరచి ముందు విక్రేతకు, స్పందన లేకుంటే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయవాణికి ఫిర్యాదు చేయవచ్చు.