లెక్కలో వడ్డీ ఎక్కడుంది? భారిత సగటు మూలధన వ్యయంతో ప్రాజెక్టు నగదు ప్రవాహాలను డిస్కౌంట్ చేయడంపై ఒక పరిశీలన

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వస్తుంది. ఆ రోజుల్లో కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర చూసుకుని అమ్మే వ్యాపారి తన లాభాన్ని ఒక పద్ధతిలో లెక్క కడతాడు. అమ్మగా వచ్చిన డబ్బులోంచి కొన్న ఖరీదు, స్టోరేజీ అద్దె, హమాలీ, బీమా తీసేస్తాడు. సరుకు తాకట్టు మీద బ్యాంకు ఇచ్చిన అప్పుకు కట్టిన వడ్డీనీ తీసేస్తాడు. వడ్డీ పోను మిగిలిందే ఆయనకు లాభం. ఇదే వ్యాపారాన్ని ఒక ప్రాజెక్టుగా తీసుకుని నికర ప్రస్తుత విలువ కట్టే విశ్లేషకుడు మాత్రం నగదు ప్రవాహంలో వడ్డీని చూపడు. అప్పు నిజం, వడ్డీ కట్టడం నిజం, అయినా ఆ వరసలో వడ్డీ ఉండదు.

ఈ రెండు లెక్కలూ వేటికవి సరైనవే. ఒకదానిలో సగం, మరొకదానిలో సగం కలిపినప్పుడే చిక్కు వస్తుంది. బ్యాంకు కోసం తయారుచేసిన అంచనా లాభనష్టాల పట్టికలోంచి పన్ను పోను మిగిలిన లాభాన్ని తీసుకుని, దానికి తరుగుదల కలిపి, ఆ మొత్తాన్ని సగటు మూలధన వ్యయంతో డిస్కౌంట్ చేయడం ఈ కలగలుపుకు మామూలు ఉదాహరణ. ఆ లాభం వడ్డీ పోను మిగిలినది. సగటు రేటులోనూ వడ్డీ ఉంది. వడ్డీని రెండుసార్లు లెక్కించకూడదు కాబట్టి వదిలేస్తామని పాఠ్యపుస్తకాలు చెప్పే సమాధానం సరైనదే, కానీ సగమే. రేటులో ఉన్న వడ్డీ ఎన్ని రూపాయలు, అది సరిగ్గా ఎవరికి చేరుతోంది, పన్ను సంగతేమిటి అన్నవి అందులో తేలవు. నా ఉద్దేశంలో అసలు పొరపాట్లు ఎక్కువగా పన్ను వరసలోనే జరుగుతాయి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు ఊహించినవి, లెక్క తేలిగ్గా సాగడానికి ఎంచుకున్నవి. ఒక కంపెనీ కోటి రూపాయల మిర్చి కొని స్టోరేజీలో పెట్టింది. ఏడాది చివర అమ్మి, అద్దె, హమాలీ, బీమా అన్నీ చెల్లించాక చేతిలో 116 లక్షలు మిగిలాయి. పన్ను రేటు 25 శాతం. పెట్టుబడిలో సగం, అంటే 50 లక్షలు, 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు. మిగతా 50 లక్షలు వాటాదారులవి. మిర్చి ధర ఎటు పోతుందో తెలియని ఈ వ్యాపారంలో డబ్బు పెట్టినందుకు వాళ్లు ఆశించే రాబడి 16.5 శాతం.

ముందు రేటు. వడ్డీ మీద పన్ను మిగులుతుంది కాబట్టి కంపెనీకి అప్పు పడే ఖర్చు 10 కాదు, 7.5 శాతం. సగం అప్పు, సగం ఈక్విటీ కనుక 0.5 × 7.5 + 0.5 × 16.5 = 12 శాతం. ఇదే భారిత సగటు మూలధన వ్యయం.

ఇక నగదు. అప్పే లేదనుకుని పన్ను లెక్క వేయాలి. లాభం 16 లక్షలు, దాని మీద పన్ను 4 లక్షలు, మిగిలేది 112 లక్షలు. దాన్ని 12 శాతంతో డిస్కౌంట్ చేస్తే సరిగ్గా 100 లక్షలు వస్తుంది. నికర ప్రస్తుత విలువ సున్నా. అంటే డబ్బు పెట్టిన ప్రతివాళ్లకూ వాళ్లకు రావలసింది రావాలి, పైసా ఎక్కువా రాకూడదు, తక్కువా రాకూడదు.

నిజంగా అలాగే వస్తుందా? అసలు జరిగే చెల్లింపులు చూద్దాం. 116 లక్షల్లోంచి బ్యాంకుకు అసలు 50, వడ్డీ 5 పోతాయి. వడ్డీ పోను పన్ను పడే లాభం 11 లక్షలు, పన్ను 2.75 లక్షలు. వాటాదారులకు మిగిలేది 58.25 లక్షలు. వాళ్లు పెట్టిన 50 లక్షల మీద ఇది 16.5 శాతం. బ్యాంకుకు తన 10 శాతం, వాటాదారులకు తమ 16.5 శాతం, ఎక్కడా తేడా లేదు. వడ్డీ ఒక్క రూపాయి కూడా తీసివేయని లెక్కే బ్యాంకు వడ్డీకి సరిపడా డబ్బు ఉందని రుజువు చేసింది. 112ను 1.12తో భాగించినప్పుడు మనం తీసేసిన 12 లక్షల్లో పన్ను పోను వడ్డీ 3.75 లక్షలు, వాటాదారుల రాబడి 8.25 లక్షలు ఉన్నాయి. వడ్డీని మనం వదిలేయలేదు, హారంలో వసూలు చేశాం.

గుంటూరు వ్యాపారి లెక్కకూ దీనికీ తేడా ఇక్కడే. ఆయన బ్యాంకు డబ్బుకు పట్టిన కాలానికి ఖరీదు కట్టాడు, తన సొంత డబ్బుకు కట్టలేదు. మిగిలిన 8.25 లక్షలు తన డబ్బుకు చాలా, చాలదా అని తర్వాత ఆలోచిస్తాడు. సగటు రేటు ఆ ఇద్దరి కాలానికీ ఒకేసారి ఖరీదు కడుతుంది. అందుకే హారంలోకి ఆ రేటు వచ్చాక లవంలో వడ్డీకి చోటు లేదు.

ఇప్పుడు పొరపాటు చేసి చూద్దాం. 112లోంచి పన్ను పోను వడ్డీ 3.75 లక్షలు తీసి, మిగిలిన 108.25ను 12 శాతంతో డిస్కౌంట్ చేస్తే 96.65 లక్షలు వస్తుంది. అందరికీ న్యాయంగా చెల్లించగల వ్యాపారం 3.35 లక్షల నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ తప్పు కనీసం జాగ్రత్త వైపు మొగ్గింది. ఇంకో తప్పు దీనికి విరుద్ధంగా నడుస్తుంది: వాటాదారులకు మిగిలే 58.25 లక్షలను సగటు రేటుతో డిస్కౌంట్ చేసి, వాళ్లు పెట్టిన 50 లక్షలతో పోల్చడం. అప్పుడు విలువ 52.01 లక్షలు, అంటే రెండు లక్షల పైచిలుకు లాభం. ఆ నగదు పూర్తిగా వాటాదారులది, దానికి 16.5 శాతమే తగిన రేటు. అప్పు పాలు కలిసిన చవక రేటు వాడటం వల్లనే లేని విలువ పుట్టింది.

అన్నిటికన్నా కనిపెట్టడం కష్టమైనది మూడో తప్పు. విశ్లేషకుడు వడ్డీని జాగ్రత్తగా వదిలేస్తాడు, పన్ను అంకెను మాత్రం కంపెనీ నిజంగా కట్టే పన్ను నుంచే తీసుకుంటాడు. 116లోంచి 2.75 తీస్తే 113.25, దాని ప్రస్తుత విలువ 101.12 లక్షలు. వడ్డీ ఎక్కడా కనిపించదు కాబట్టి చూసేవాళ్లకు లెక్క సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ వడ్డీ వల్ల మిగిలిన పన్ను, 1.25 లక్షలు, రేటులో ఒకసారి (10 శాతం 7.5 కావడం), నగదులో ఇంకోసారి లెక్కలోకి వచ్చింది. అసలు కట్టే పన్నునే చూపించాలన్న పట్టుదల ఉంటే దానికీ దారి ఉంది. ఫ్రెడ్ ఆర్డిటి, హైమ్ లెవీ 1977లో చెప్పినట్టు రేటులో అప్పును పన్నుకు ముందరి 10 శాతంగానే ఉంచాలి. సగటు 13.25 శాతం అవుతుంది. 113.25ను దానితో డిస్కౌంట్ చేస్తే మళ్లీ సరిగ్గా 100 లక్షలే వస్తుంది. పన్ను ఆదాను రేటులోనైనా పెట్టవచ్చు, నగదులోనైనా పెట్టవచ్చు, రెండింట్లో పెట్టకూడదు. ఈ ఆదా విలువ విషయంలో ఫ్రాంకో మోడిగ్లియాని, మెర్టన్ మిల్లర్ కూడా తమ 1958 వ్యాసాన్ని 1963లో సవరించుకోవలసి వచ్చిందంటే, పన్ను వరసలో పొరపాటుకు ఎంత ఆస్కారం ఉందో తెలుస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లో ఈ తప్పును పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అప్పు పట్టికలో వడ్డీ రేటును 10 నుంచి 14కు మార్చి చూడాలి. డిస్కౌంట్ రేటు మారవచ్చు, మారాలి కూడా. నగదు ప్రవాహపు వరసలో మాత్రం ఒక్క అంకె కూడా కదలకూడదు. కదిలిందంటే వడ్డీ గానీ, దాని పన్ను గానీ ఎక్కడో లోపలికి వచ్చిందన్నమాట.

ఆ వరస కదలడానికి మనం అంతగా అనుమానించని చోటు ఒకటుంది. అదే కంపెనీ సొంతంగా కోల్డ్ స్టోరేజీ కడుతోందనుకుందాం. నిర్మాణానికి 8 కోట్లు అవుతుంది. బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు నివేదికలో మాత్రం వ్యయం 8.40 కోట్లని ఉంటుంది, ఎందుకంటే నిర్మాణ కాలపు వడ్డీ 40 లక్షలు అందులో కలిసింది. బ్యాంకుకు అది అవసరమే, మొత్తం ఎంత డబ్బు సమకూర్చాలో వాళ్లకు తెలియాలి. ఇండ్ ఏఎస్ 23 కూడా ఆ వడ్డీని ఆస్తి ఖరీదులో కలపమంటుంది. నికర ప్రస్తుత విలువకు మాత్రం పెట్టుబడి 8 కోట్లే, ఏ నెలలో ఖర్చయిందో ఆ నెలలో చూపాలి. నిర్మాణానికి పట్టిన కాలపు ఖరీదును డిస్కౌంట్ రేటు చూసుకుంటుంది. తరుగుదల వల్ల మిగిలే పన్నునూ 8 కోట్ల మీదే లెక్కించాలి. 8.40 మీద లెక్కిస్తే వడ్డీ తాలూకు పన్ను ఆదా తరుగుదల రూపంలో మళ్లీ నగదులోకి వస్తుంది. ఈ తరుగుదల సంగతి వృత్తిలో ఉన్నవాళ్లు కూడా తరచూ మరిచిపోతారు.

వడ్డీ రాయితీ ఉన్నప్పుడు ఏం చేయాలి? 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకు ఏటా 3 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా ఏడేళ్లు, ఉంది. ఇది మిర్చి నిల్వ చేయడం వల్ల వచ్చే డబ్బు కాదు, అప్పు వల్ల వచ్చేది. కాబట్టి ప్రాజెక్టు నగదులో దానికి చోటు లేదు. రేటును తగ్గించి అందులో ఇరికించడమూ మంచిది కాదు, ఎందుకంటే ఏడేళ్లకు ఆగిపోయే రాయితీని ప్రాజెక్టు జీవితమంతటికీ పాకించినట్టవుతుంది. మార్కెట్ వడ్డీతోనే ప్రాజెక్టు విలువ కట్టి, రాయితీ వల్ల పన్ను పోను మిగిలేదాని ప్రస్తుత విలువను విడిగా కలపడమే సరైన దారి. రాయితీ లేకుండా ప్రాజెక్టు నిలబడుతుందా లేదా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మన ఉదాహరణలో లెక్క పైసాతో సహా సరిపోవడానికి కారణం, ప్రాజెక్టు విలువ 100, అప్పు అందులో సరిగ్గా సగం కావడం. సగటులోని పాళ్లు విలువ మీద పాళ్లు, ఖర్చు మీద కావు. 112కు బదులు 123.2 లక్షలు వచ్చే వ్యాపారమైతే 12 శాతంతో దాని విలువ 110 లక్షలు. అప్పుడు 12 శాతం చెల్లాలంటే అప్పు 55 లక్షలు ఉండాలి. 50 లక్షలే తెస్తే పాలు 45 శాతం దగ్గరికి తగ్గి, సగటు రేటే మారిపోతుంది. ప్రాజెక్టు పలు ఏళ్లు నడిచేదైతే ఈ పాలు ఏటా అలాగే నిలవాలి. జేమ్స్ మైల్స్, జాన్ ఎజెల్ 1980లో ఈ షరతునే స్పష్టం చేశారు: అప్పు విలువలో ఒకే నిష్పత్తిగా ఉండేలా ఏటా సరిచేసుకుంటేనే ఒకే సగటు రేటు అన్నేళ్లకూ పనిచేస్తుంది.

స్టోరేజీ కట్టడానికి తెచ్చే టర్మ్ లోన్ అలా ఉండదు. మొదట 70 శాతం ఉన్న అప్పు వాయిదాలు కట్టేకొద్దీ కరిగి, ఏడెనిమిదేళ్లలో సున్నాకు చేరుతుంది, భవనం ఇంకా పదిహేనేళ్లు నడుస్తుంది. మొదటి ఏడాది పాళ్లతో కట్టిన చవక రేటును చివరి ఏడాదిదాకా వాడితే ప్రాజెక్టు విలువ ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి ఏళ్లలో కంపెనీ నష్టాల్లో ఉంటే 7.5 శాతం అన్నదే ఆ ఏళ్లలో నిజం కాదు, పన్ను ఆదా వాయిదా పడుతుంది. ఇలాంటి చోట వాటాదారుల నగదు లెక్క మేలు. అందులో వడ్డీ, అసలు, నిజంగా కట్టే పన్ను అన్నీ తీసివేయాలి, పెట్టుబడిగా వాటాదారుల సొంత డబ్బునే చూపాలి, అప్పు కరిగేకొద్దీ తగ్గే ఈక్విటీ రేటుతో ఏడాదికేడాది డిస్కౌంట్ చేయాలి.