ఓడినవాడి ఆసు గెలిచినవాడికి

ప్రెసిడెంట్ తరహా పేకాటలో డబ్బు పందెం లేకపోయినా ఆట సాగుతుంది, ఎందుకంటే గెలుపు హోదా రూపంలో వస్తుంది. చేతిలోని ముక్కలన్నీ ముందుగా వదిలించుకున్నవాడు పైకి, చివరిదాకా మిగిలినవాడు అట్టడుగుకి వెళ్తారు. చైనాలోని జెంగ్ షాంగ్‌యౌ, జపాన్‌లోని దైఫుగో ఈ కుటుంబానివే. సాధారణంగా మూడు అన్నిటికన్నా చిన్నది. ఆసు కన్నా రెండు పెద్దది.

జపాన్ ఆటలో హోదాకి పన్ను కూడా తోడైంది. కొత్త ఆట పంచగానే అట్టడుగున ఉన్న నిరుపేద తన మంచి ముక్కలు రెండు పైనున్న మహా ధనికుడికి ఇచ్చుకోవాలి. బదులుగా ఆయన తనకి అక్కర్లేనివి రెండు ఇస్తాడు.

రెండుకి రెండేగా అనిపిస్తుంది. కానీ అట్టడుగువాడు రెండు, ఆసు ఇచ్చి మూడు, నాలుగు తీసుకున్నాడనుకోండి. ఒంటరి మూడుని దేని మీదా వేయలేం. ఆట మన చేతి నుంచి మొదలైనప్పుడే దించాలి. ఆ అవకాశం రావాలంటే పెద్ద ముక్కతో చేయి గెలవాలి. ఆ పెద్ద ముక్కలే ఇచ్చేశాడు! అవతలివాడికేమో బలం పెరిగింది, బరువూ తగ్గింది. అందుకే అడుగున పడ్డవాడు అక్కడే ఉండిపోతుంటాడు.

ఈ అన్యాయం ఆట రూపొందించినవాళ్లకి తెలియనిది కాదు. జపాన్‌లో చాలామంది ఒకే అంకె ముక్కలు నాలుగూ కలిపి వేస్తే విప్లవంగా లెక్కిస్తారు. పెద్దది చిన్నదవుతుంది, చిన్నది పెద్దదవుతుంది. మహా ధనికుడు తర్వాతి ఆటలో మొదటి స్థానం నిలబెట్టుకోలేకపోతే నేరుగా అట్టడుగుకి దిగే నియమమూ కొన్నిచోట్ల ఉంది. 1995లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ‘ది గ్రేట్ దల్ముటి’లో విదూషకుడి ముక్కలు రెండూ ఒకరి చేతికే వస్తే విప్లవం ప్రకటించవచ్చు. అప్పుడు ఆ ఒక్క ఆటకి పన్ను ఉండదు. ప్రకటించినది అట్టడుగువాడే అయితే అందరి హోదాలూ తిరగబడతాయి.

ఇవి పెద్దలకి సరదా. పిల్లలకి మాత్రం చాలవనే నా అభిప్రాయం, ఎందుకంటే విప్లవం ఎప్పుడో గాని రాదు. అయిదుగురు పిల్లలుంటే 52 ముక్కలు సమానంగా రావు, ఇద్దరికి 11 వస్తాయి. ఎక్కువ ముక్కలు భారమే కాబట్టి అవి పై ఇద్దరికీ వెళ్లాలి. అట్టడుగువాడు ఒక్క ముక్కే ఇవ్వాలి, ఆట మొదలుపెట్టే హక్కు అతనికే ఉండాలి. ఎవరు ఏ స్థానంలో ముగించారో కాగితం మీద రాసుకోండి. ఒకే పేరు వరసగా మూడుసార్లు అడుగున కనిపిస్తే ఆ తర్వాతి ఆటకి మార్పిడి ఆపేయండి.