రేపు వాన 38 శాతం అంటే ఏమిటి? ఏఐ అంచనాకూ పాత పద్ధతికీ తేడా ఎక్కడ?

వర్ధన్నపేటలో మీవాళ్ల వడ్లు కల్లంలో ఆరబోసి ఉన్నాయనుకోండి. ఫోన్‌లో ఒక యాప్ రేపు ‘23 మి.మీ. వాన’ అంటుంది. ఇంకోటి ‘38 శాతం అవకాశం’ అంటుంది. వాతావరణ శాఖ జిల్లాకు ఎల్లో అలర్ట్ ఇస్తుంది. ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి? ఒక్కో అంచనా ఎలా తయారవుతుందో, అందులోని అనుమానాన్ని ఎలా లెక్కగడతారో తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది.

భౌతిక శాస్త్ర పద్ధతి ఎలా పనిచేస్తుంది?

ఇందులో భూగోళం చుట్టూ ఉన్న గాలిని చిన్న చిన్న గడులుగా విడగొడతారు. ఉపగ్రహాలు, రాడార్లు, బెలూన్లు, భూమ్మీది స్టేషన్లు ఇచ్చే కొలతలతో ప్రతి గడిలో ఇప్పుడున్న గాలి వేగం, వేడి, తేమ, పీడనం నింపుతారు. తర్వాత గాలి కదలికల సమీకరణాలను సూపర్ కంప్యూటర్‌తో కొన్ని నిమిషాల చొప్పున ముందుకు లెక్కిస్తూ పోతారు. మన దేశంలో 2025 మే 26న ప్రారంభమైన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’లో గడి వెడల్పు సుమారు 6 కిలోమీటర్లు. దీన్ని పుణెలోని ఐఐటీఎం రూపొందించింది.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది, ఇప్పటి గాలిని ఎవరూ పూర్తిగా కొలవలేరు. బంగాళాఖాతం మీద తేమ కొలతలో చిన్న తేడా ఉన్నా, నాలుగైదు రోజుల్లో అల్పపీడనం దారే మారిపోవచ్చు. రెండోది, ఒక్కో ఉరుముల మేఘం గడి కంటే చిన్నగా ఉండొచ్చు. దాన్ని నేరుగా లెక్కించలేక ఉజ్జాయింపు సూత్రాలతో సరిపెడతారు.

అందుకే ఒకే లెక్కతో ఆగరు. మొదటి కొలతలను కొద్దికొద్దిగా మార్చి అదే లెక్కను పలుమార్లు నడుపుతారు. దీన్ని ‘ఎన్‌సెంబుల్’ అంటారు. 2018లో మన దేశంలో మొదలైన ఇలాంటి ఒక వ్యవస్థలో 21 లెక్కలు నడుస్తాయి. వాటిలో 8 లెక్కలు రేపు వర్ధన్నపేటలో వాన చూపి, 13 చూపలేదనుకుందాం. 21లో 8 అంటే 38 శాతం. అనుమానం ఎంత ఉందో ఆ అంకెలోనే తెలుస్తుంది.

ఏఐ మోడల్ ఏం చేస్తుంది?

ఇది సమీకరణాలను లెక్కించదు. దశాబ్దాల వాతావరణ రికార్డు చూసి, ‘ఇప్పుడు ఇలా ఉంటే ఆరు గంటల తర్వాత ఎలా ఉంటుంది’ అన్నది నేర్చుకుంటుంది. గూగుల్ డీప్‌మైండ్ 2023లో వెల్లడించిన గ్రాఫ్‌కాస్ట్ 1979 నుంచి 2017 వరకు ఉన్న సమాచారంతో శిక్షణ పొందింది. పది రోజుల అంచనాను నిమిషంలోపే ఇచ్చింది. ఐరోపా వాతావరణ కేంద్రం తన ఏఐ మోడల్‌ను 2025 ఫిబ్రవరిలో రోజువారీ వాడకంలోకి తెచ్చింది.

అయితే ఏఐ నేర్చుకున్న ఆ రికార్డు కూడా భౌతిక మోడల్‌తో పాత కొలతలను సరిచూసి తయారు చేసిందే. రోజూ అంచనా మొదలుపెట్టడానికి కావలసిన ‘ఇప్పటి గాలి’ చిత్రం కూడా అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి ఏఐ వచ్చినా పాత పద్ధతి అవసరం తీరిపోలేదు.

23 మి.మీ. అనే అంకె ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది?

పై ఉదాహరణలో వాన చూపిన 8 లెక్కల్లోనూ 60 మి.మీ. చొప్పున పడుతుందని, మిగతా 13లో చుక్క కూడా పడదని అనుకుందాం. సగటు తీస్తే దాదాపు 23 మి.మీ. వస్తుంది. కానీ ఆ 23 మి.మీ. ఏ ఒక్క లెక్కలోనూ లేదు. పడితే కుండపోత, లేకపోతే పొడి.

తొలి తరం ఏఐ మోడళ్లకు ‘సగటున తప్పు తక్కువ రావాలి’ అని నేర్పారు. అలా నేర్చుకున్న మోడల్‌కు అనుమానం వచ్చినప్పుడు మధ్యేమార్గంగా ఇలాంటి సగటే చెప్పడం లాభం. అందుకే రోజులు దూరమయ్యేకొద్దీ దాని వాన పటం నునుపుగా, పేలవంగా మారుతుంది. పెద్ద వానలు చిన్నవిగా కనిపిస్తాయి.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు కొత్త మోడళ్లు వచ్చాయి. 2024లో వచ్చిన జెన్‌కాస్ట్ ఒకే జవాబు ఇవ్వకుండా, జరగడానికి వీలున్న భవిష్యత్తులను పదుల సంఖ్యలో విడివిడిగా గీస్తుంది. ఐరోపా కేంద్రం కూడా 2025 జూలైలో తన ఏఐ ఎన్‌సెంబుల్‌ను మొదలుపెట్టింది. ఏఐ లెక్క చవక కాబట్టి ఎక్కువ సంఖ్యలో నడపడం దానికి తేలిక.

ఎన్నడూ చూడని వాన వస్తే?

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో పొరుగునే ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన పడింది. అంతకుముందు తెలంగాణ రికార్డు 2013లో వాజేడులో నమోదైన 517.5 మి.మీ. అంటే పాత రికార్డు మీద 130 మి.మీ.కు పైగా పెరిగింది. గతం నుంచి మాత్రమే నేర్చుకునే మోడల్‌కు ఇలాంటి రోజు కఠిన పరీక్ష.

దీన్ని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు తుపాన్లతో పరీక్షించారు. శిక్షణ సమాచారంలోంచి బలమైన తుపాన్లన్నీ తీసేసి ఒక ఏఐ మోడల్‌కు నేర్పారు. తర్వాత అత్యంత తీవ్రమైన తుపాను చూపితే, అది ప్రతిసారీ బలాన్ని తక్కువగా అంచనా వేసింది. వేరే సముద్రంలోని బలమైన తుపాన్లను చూపినప్పుడు మాత్రం కొంత మెరుగుపడింది. సమీకరణాలకు ‘ఇది ముందు చూశానా’ అన్న ప్రశ్న లేదు. అలాగని వాటికి ఇబ్బంది లేదని కాదు. గడి మొత్తానికి సగటు చెప్పే ఏ మోడల్ అయినా ఒక్క ఊరి మీద పడే ఇంతటి వానను తగ్గించే చూపుతుంది. ఐరోపా ఏఐ మోడల్ గడి సుమారు 28 కిలోమీటర్లు. అంటే వర్ధన్నపేట, చుట్టుపక్కల మండలాల్లో చాలా భాగం ఒకే గడిలోకి వస్తాయి.

ముప్పై, నలభై ఏళ్ల తర్వాతి వాతావరణం విషయంలోనూ ఇదే సమస్య. ఇప్పటికంటే వేడెక్కిన భూమి రికార్డుల్లో లేదు కాబట్టి, అక్కడ ఇప్పటికీ భౌతిక మోడళ్లదే ప్రధాన పాత్ర. రెండింటినీ కలిపిన న్యూరల్‌జీసీఎం వంటి మోడళ్లూ వచ్చాయి. 2025లో కేంద్ర వ్యవసాయ శాఖ దాన్ని, ఐరోపా ఏఐ మోడల్‌ను, పాత వర్షపాత రికార్డులను కలిపి 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాకపై ఎస్ఎంఎస్‌లు పంపింది.

మరి మీరేం చేయాలి?

శాతాన్ని మీ నష్టంతో పోల్చండి. వడ్లు కుప్ప చేసి టార్పాలిన్ కప్పడానికి కూలీ, అద్దె కలిపి రూ.2,000 అవుతుందని, తడిస్తే రూ.10,000 నష్టమని అనుకుందాం. రెండు వేలను పది వేలతో భాగిస్తే 20 శాతం. వాన అవకాశం అంతకు మించితే కప్పడమే లాభం. 38 శాతం అంటే కప్పాలి. 14 శాతం అయితే ఆగొచ్చు. ‘50 శాతం దాటలేదు కదా’ అని వదిలేస్తే నష్టపోయేది మీరే.

శాతం చెప్పే యాప్ నిజాయితీని మీరే తేల్చవచ్చు. అది సుమారు 40 శాతం అని చెప్పిన రోజులను సీజనంతా రాసిపెట్టుకోండి. పదింటిలో నాలుగు సార్ల చుట్టూ వాన పడితే అంకె సరైనదే. ఎనిమిది సార్లు పడినా, ఒక్కసారే పడినా దాని ధీమాలో తేడా ఉన్నట్టే. ఒక్క రోజు తప్పిందని మాత్రం తీర్పు చెప్పొద్దు.

వాతావరణ శాఖ బులెటిన్‌లో ‘అక్కడక్కడ భారీ వర్షం’ అంటే ఆ ప్రాంతంలోని స్టేషన్లలో పావు వంతుకు మించకుండా అని అర్థం. మీ ఊళ్లో పడే అవకాశం ఎంతో అది చెప్పదు. ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి మొదలు. అలర్ట్ రంగు వాన పరిమాణాన్ని మాత్రమే కాక, దాని అవకాశాన్ని, జరగబోయే నష్టాన్ని కూడా కలిపి చెబుతుంది. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి. వాగు దాటే విషయంలో యాప్ శాతాన్ని పక్కనపెట్టి ఈ రంగునే పాటించండి. బయల్దేరే ముందు వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల తక్షణ అంచనాను చూడండి. అది రాడార్‌లో అప్పటికే కనిపిస్తున్న మేఘాల ఆధారంగా వస్తుంది.