పదాల నిచ్చెన

ఒక ఇంగ్లిష్ పదంలో ఒక్కో అక్షరాన్నే మారుస్తూ, అంతే పొడవున్న మరో పదాన్ని చేరుకునే ఆట ఇది. మధ్యలో వచ్చే ప్రతి మెట్టూ నిఘంటువులో ఉన్న పదమే కావాలి. అక్షరాల వరుసను తారుమారు చేయకూడదు.

రచయిత లూయిస్ కారల్ 1877 క్రిస్మస్ నాడు, ఏమీ తోచక కూర్చున్న ఇద్దరు అమ్మాయిల కోసం దీన్ని కల్పించాడు. 1879లో ఇది ‘డబ్లెట్స్’ పేరుతో వానిటీ ఫెయిర్ పత్రికకెక్కింది.

ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి ‘హెడ్’ను ‘టెయిల్’గా మార్చడం. నాలుగు అక్షరాల బిళ్లలు పేర్చి, చివరి డి తీసి ఎల్ పెడితే ‘హీల్’, అంటే గాయం మానడం. మొదటి హెచ్ స్థానంలో టి పెడితే ‘టీల్’, ఒక చిన్న బాతు. మూడో అక్షరం ఏ బదులు ఎల్ వస్తే ‘టెల్’. రెండోదైన ఈ స్థానంలో ఏ వస్తే ‘టాల్’. మూడో బిళ్లను ఐగా మారిస్తే ‘టెయిల్’.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు స్పెల్లింగ్ పాఠం మొదటి మెట్టులోనే ఎదురవుతుంది. ‘హెడ్’లోనూ ‘హీల్’లోనూ మధ్యనున్నవి ఈ, ఏ అనే అవే అక్షరాలు, పలుకు మాత్రం వేరు. చెవిని నమ్మి రాసేవారు ఇక్కడే తప్పుతారు. బిళ్ల కదిపితే ఏది మారిందో, ఏది మారలేదో కంటికి తెలుస్తుంది.

అర్థం అడగకుండా ఆడిస్తే ‘టీల్’ వంటివి తెలియకుండానే దాటిపోతాయి. అందుకే అమెరికా విద్యావేత్త తిమొతీ రాసిన్‌స్కీ తన నిచ్చెనల్లో ప్రతి మెట్టుకూ అర్థం తెలిపే ఆధారం ఇచ్చి, అక్షరాలు చేర్చడానికీ తీయడానికీ వీలు కల్పించాడు. పొడవైన పదాలకు కారల్ పద్ధతి అంతగా పనికిరాదు. ఒక్క అక్షరం తేడాతో మరో పదం దొరకడమే అరుదు.